⁵⁰C₃ కట్టడానికి 50! రాయనక్కరలేదు

ప్రశ్న: ⁵⁰C₃ విలువ చేతితో కట్టమన్నారు. పుస్తకంలో సూత్రం 50!/(3! × 47!) అని ఉంది. 50 × 49 × 48 × 47... అంటూ గుణించుకుంటూ పోతే పేజీ నిండిపోయింది, జవాబు రాలేదు. ముందే కొట్టివేయాలని ఒకరు చెప్పారు. కానీ దేన్ని దేనితో కొట్టివేయాలి? 50ని 3తో భాగిస్తే పూర్ణసంఖ్య రాదు కదా, అప్పుడు ఏం చేయాలి? ఎంత దూరం కొట్టివేయవచ్చో కూడా తెలియడం లేదు.

సమాధానం:

జవాబు 19600. కాగితం మీద ఒక భిన్నం, దాని మీద ఒక గీత, చివర నోటితో చేయగలిగే గుణకారం ఒకటి. అంతకు మించి ఈ లెక్కలో పని లేదు.

50! విలువ 65 అంకెల సంఖ్య. 47! విలువ 60 అంకెల సంఖ్య. ఆ రెండింటినీ కష్టపడి కట్టి, ఒకదాన్ని మరొకదానితో భాగిస్తే ఆ అంకెల్లో దాదాపు అన్నీ ఒకదాన్నొకటి రద్దు చేసుకుని చివరకు ఐదంకెలు మిగులుతాయి. రద్దు కాబోతున్న వాటిని ముందుగా కట్టి, ఆ తర్వాత రద్దు చేయడం ఎందుకు? కట్టకుండానే రద్దు చేయవచ్చు. ఫాక్టోరియల్‌ను పై నుంచి విప్పుతూ, కావలసిన చోట ఆపేయండి:

50! = 50 × 49 × 48 × 47!

ఇది ఉజ్జాయింపు కాదు, కచ్చితమైన సమానత. 50! అంటే 50 నుంచి 1 దాకా ఉన్న సంఖ్యల లబ్ధం. అందులో మొదటి మూడింటిని విడిగా రాస్తే మిగిలేది 47 నుంచి 1 దాకా ఉన్న లబ్ధం, అంటే 47!. హారంలోనూ అదే 47! ఉంది. కాబట్టి లవంలోనూ హారంలోనూ ఒక్కొక్క గీత గీస్తే మిగిలేది ఇంతే:

(50 × 49 × 48) / (3 × 2 × 1)

ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. హారంలో రెండు ఫాక్టోరియల్‌లు ఉన్నాయి కదా, 3! చిన్నది, దాన్నే ముందు కొట్టివేద్దామనిపిస్తుంది. అలా చేస్తే పైన 50 × 49 × 48 × ... × 4 అని 47 సంఖ్యలు మిగులుతాయి, కింద 47! అలాగే ఉండిపోతుంది. తప్పు జరగలేదు, పని మాత్రం ఒక్క అడుగు కూడా ముందుకు పోలేదు. ఎప్పుడూ హారంలోని పెద్ద ఫాక్టోరియల్‌నే కొట్టివేయాలి. ఎవరైనా ⁵⁰C₄₇ అడిగినా మీరు చేసేది ఇదే భిన్నం. 50 నుంచి 47 వస్తువులను ఎంచుకోవడమంటే వదిలేసే మూడింటిని ఎంచుకోవడమే కాబట్టి రెండింటి విలువా ఒకటే. అందుకే లెక్క మొదలుపెట్టే ముందు కింది సంఖ్య, పై సంఖ్యలో సగం కంటే పెద్దదేమో ఒకసారి చూసుకోండి. పెద్దదైతే తీసివేసి చిన్నదానికి మారండి.

లవంలో ఎక్కడ ఆగాలన్నదానికి 50 − 3 + 1 = 48 అనే లెక్క ఉంది. కానీ నాకు అంతకంటే నమ్మకమైన గుర్తు మరొకటి ఉంది: పైన ఎన్ని సంఖ్యలున్నాయో కింద కూడా అన్నే ఉండాలి. కింద 3, 2, 1 అని మూడు ఉన్నాయి. పైన 50, 49, 48 అని మూడు ఉన్నాయి. 50 − 3 = 47 కదా అని 47 దాకా దిగి నాలుగు సంఖ్యలు రాసేస్తే జవాబు 921200 వస్తుంది. రెండు వరుసలనూ ఒకదాని కింద ఒకటి పేర్చి రాస్తే, ఆ నాలుగో సంఖ్య కింద జత లేకుండా కనిపించి తప్పు ఇట్టే బయటపడుతుంది.

ఇప్పుడు మీ అసలు సందేహానికి వద్దాం. 50ని 3తో భాగిస్తే పూర్ణసంఖ్య రాదు, నిజమే. కానీ 3ను 50తోనే కొట్టివేయాలని ఎక్కడా లేదు. లవం మొత్తం ఒక లబ్ధం కాబట్టి హారంలోని ఏ సంఖ్యనైనా పైన వీలున్న ఏ సంఖ్యతోనైనా కొట్టివేయవచ్చు. ఇక్కడ 48 ఒక్కటే మన పనంతా చేసిపెడుతుంది: 3 × 2 = 6, 48/6 = 8. మిగిలేది 50 × 49 × 8. ఈ మూడింటిని కూడా రాసిన వరుసలోనే గుణించనక్కరలేదు. 50 × 8 = 400, 400 × 49 = 19600. ముందు 50 × 49 = 2450 చేసి, దాన్ని 48తో గుణించి 117600 తెచ్చుకుని, ఆ తర్వాత 6తో భాగించినా ఇదే వస్తుంది. కాకపోతే అంకెలు పెరిగేకొద్దీ చేయి జారే అవకాశమూ పెరుగుతుంది. భాగహారాలన్నీ పూర్తయ్యాకే గుణకారం మొదలుపెట్టడం అలవాటు చేసుకోండి.

48 లాంటి అనుకూలమైన సంఖ్య ప్రతిసారీ దొరుకుతుందా అంటే, అలాగే దొరకకపోవచ్చు. కానీ హారం మాత్రం ఎప్పుడూ పూర్తిగా పోతుంది. వరుసగా ఉన్న ఏ మూడు సంఖ్యలు తీసుకున్నా వాటిలో 3 గుణిజం కచ్చితంగా ఒకటి ఉంటుంది, సరిసంఖ్య కనీసం ఒకటి ఉంటుంది. కాబట్టి ఆ లబ్ధం 6తో శేషం లేకుండా భాగింపబడాల్సిందే. ఉదాహరణకు ⁴⁷C₃లో పైన 47 × 46 × 45 ఉన్నాయి. వీటిలో ఏదీ 6తో పోదు. అయినా 2 వెళ్లి 46ను 23 చేస్తుంది, 3 వెళ్లి 45ను 15 చేస్తుంది. 47 × 23 × 15 = 16215. దీని నుంచి ఒక పరీక్ష కూడా దొరుకుతుంది: అన్నీ కొట్టివేశాక హారంలో 1 తప్ప ఇంకేదైనా మిగిలిందంటే ఎక్కడో పొరపాటు జరిగినట్టే. సంయోగాల విలువ ఎన్నడూ భిన్నం కాదు.

దీనికంటే కూడా నాకు ఇష్టమైన పద్ధతి మరొకటి ఉంది. ఇందులో దేన్ని దేనితో కొట్టివేయాలో వెతుక్కోనక్కరలేదు. కింది వరుసను 3, 2, 1 అని కాకుండా 1, 2, 3 అని రాసి, ఒక గుణకారం, ఒక భాగహారం చొప్పున ముందుకు సాగండి:

50/1 = 50
50 × 49/2 = 1225
1225 × 48/3 = 19600

ప్రతి మెట్టులోనూ పూర్ణసంఖ్యే వచ్చింది చూడండి. ఇది అదృష్టం కాదు. 50 అన్నది ⁵⁰C₁, 1225 అన్నది ⁵⁰C₂, చివరిది ⁵⁰C₃. మెట్టుమెట్టుకూ మనం ఒక సంయోగం నుంచి తర్వాతి సంయోగానికి వెళుతున్నాం. ఎంచుకోవడం దృష్టితో చూస్తే 3తో భాగించడం ఎందుకో కూడా అర్థమవుతుంది. 50 వస్తువుల నుంచి జతలు 1225. ఒక్కో జతకు మూడో వస్తువును మిగిలిన 48లో నుంచి చేర్చవచ్చు. అయితే క, ఖ, గ అనే ఒకే గుంపు ఇలా మూడుసార్లు తయారవుతుంది: క-ఖ జతకు గ చేరినప్పుడు, క-గ జతకు ఖ చేరినప్పుడు, ఖ-గ జతకు క చేరినప్పుడు. ప్రతి గుంపునూ మూడుసార్లు లెక్కపెట్టాం కాబట్టి 3తో భాగించాలి. లెక్కపెట్టిన గుంపుల సంఖ్య పూర్ణసంఖ్య కాక మరేమవుతుంది?

ఈ పద్ధతిలో హారాలు 1 నుంచి పైకి ఎక్కాలి, అది ముఖ్యం. వరుస మార్చి 2 కంటే ముందే 3తో భాగిస్తే రెండో మెట్టులో 50 × 49/3 = 816.666... వస్తుంది. దాన్ని భిన్నంగానే ఉంచుకుంటే చివరకు సరైన జవాబే వస్తుంది. 816.67 అని రాసుకుంటే 19600.08 వస్తుంది. 817 అని సవరించుకుంటే 19608 వస్తుంది. ఈ మూడో రకం తప్పును పట్టుకోవడం కష్టం, ఎందుకంటే చూడటానికి అది కూడా సరైన జవాబులాగే ఉంటుంది.

చెప్పాలంటే ఇది సూత్రం నుంచి పుట్టిన కొత్త అడ్డదారి కాదు. 1150లో భాస్కరాచార్యుడు రాసిన లీలావతిలో సంయోగాలకు చెప్పిన పద్ధతి దాదాపు ఇదే: తగ్గుతూ పోయే సంఖ్యలను పెరుగుతూ పోయే సంఖ్యలతో వరుసగా భాగించి, ఒక్కోదాన్నీ ముందటి ఫలితంతో గుణించుకుంటూ పోవడం. ఫాక్టోరియల్‌కు ఆశ్చర్యార్థకం గుర్తును క్రిస్టియన్ క్రాంప్ వాడింది 1808లో. అంటే లెక్క కట్టే పద్ధతి ముందు నుంచీ ఉంది. దాన్ని ఒక్క వరుసలో ఇమిడ్చి రాయడానికి, నిరూపణల్లో వాడుకోవడానికి ఫాక్టోరియల్ రూపం పనికొస్తుంది. మన పుస్తకాలు ఆ రూపాన్ని ముందు పెట్టి లెక్కలు వెనుక ఇస్తాయి కాబట్టి, దాన్ని ఉన్నదున్నట్టు అమలు చేయాలని విద్యార్థులు అనుకోవడంలో ఆశ్చర్యం లేదు.

కొట్టివేతలో కొంచెం ఆలోచించాల్సి వచ్చే లెక్క ఒకటి చూపిస్తాను. ⁵⁰C₃ మరీ సులువు, అందులో ఈ చిక్కు రాదు. ¹⁴C₆ తీసుకోండి:

(14 × 13 × 12 × 11 × 10 × 9) / (6 × 5 × 4 × 3 × 2 × 1)

5 వెళ్లి 10ని 2 చేస్తుంది. 4కు పైన ఉన్న గుణిజం 12 ఒక్కటే, అది 3 అవుతుంది. ఇప్పుడు 6 కోసం వెతికితే పైన ఏదీ దొరకదు, ఎందుకంటే దానికి పనికొచ్చే 12ను 4 అప్పటికే వాడేసింది. చాలామంది ఇక్కడ ఆగిపోయి, మిగిలినదంతా గుణించడం మొదలుపెడతారు. ఆగనక్కరలేదు. 6ను 3 × 2గా విడగొట్టండి. ఆ 3 వెళ్లి 9ని 3 చేస్తుంది, ఆ 2 వెళ్లి 14ను 7 చేస్తుంది. హారంలో ఇంకా మిగిలినవి 3, 2. పైన 12 స్థానంలో మిగిలిన 3 దీనిలోని 3తో పోతుంది, 10 స్థానంలో మిగిలిన 2 దీనిలోని 2తో పోతుంది. చివరకు 7 × 13 × 11 × 3 మిగిలాయి. 7 × 13 = 91, 91 × 11 = 1001, 1001 × 3 = 3003.

హారంలోని సంఖ్య పైన ఒకే సంఖ్యతో పోవాలన్న నియమం లేదు. దాని కారణాంకాలు వేర్వేరు సంఖ్యలతో పోవచ్చు. ఇదే లెక్కను మెట్ల పద్ధతిలో చేస్తే 14, 91, 364, 1001, 2002, 3003 అని వస్తాయి. విడగొట్టాల్సిన అవసరమే రాదు. కింది సంఖ్య 4 దాటితే నేను మెట్ల పద్ధతికే మొగ్గుతాను. 3, 4 వరకైతే నేరుగా కొట్టివేయడమే వేగం.

కొట్టివేతలో ఎక్కువగా కనిపించే తప్పు ఒకటుంది. కింద ఉన్న ఒక్క 2ను పైన రెండు సంఖ్యల మీద ప్రయోగించడం. 50, 48 రెండూ సరిసంఖ్యలే కదా అని 50ని 25గా, 48ని 24గా మార్చి, ఆ 24ను మళ్లీ 3తో భాగించి 8 చేసి, 25 × 49 × 8 = 9800 అని రాస్తారు. జవాబు సరిగ్గా సగమైంది. భిన్నాల కూడికలో ప్రతి పదాన్నీ భాగించే అలవాటు ఇక్కడికి పొరపాటున వచ్చి చేరుతుంది. కూడికలో 2తో భాగిస్తే ప్రతి పదానికీ భాగం వెళ్లాలి. లబ్ధంలో ఏదో ఒక్కదానికే వెళ్లాలి. దీన్ని తప్పించుకోవడానికి చేతికి ఒక అలవాటు నేర్పండి: హారంలోని సంఖ్య మీద గీత గీసిన వెంటనే లవంలో అది మార్చిన సంఖ్య మీద గీత గీసి కొత్త విలువ రాయండి. గీతలు ఎప్పుడూ జంటగా పడాలి. పైన ఒక గీత ఎక్కువగా కనిపిస్తే అక్కడే తప్పు ఉంది.

అలాంటి తప్పు జవాబులను పట్టుకోవడానికి ఉజ్జాయింపు కూడా బాగా పనికొస్తుంది. వరుస సంఖ్యల లబ్ధం, మధ్య సంఖ్యను అన్నిసార్లు గుణిస్తే వచ్చేదానికంటే కొద్దిగా తక్కువ ఉంటుంది. ఇక్కడ మధ్య సంఖ్య 49ని 50గా తీసుకుంటే ఇంకా సులువు: 50 × 50 × 50 = 125000, దాన్ని 6తో భాగిస్తే దాదాపు 20833. అసలు జవాబు దీనికంటే కొంచెం తక్కువ ఉండాలి. 19600 సరిపోయింది. 9800 గానీ 921200 గానీ వచ్చి ఉంటే దగ్గరకు కూడా రావు.

మూడు సంఖ్యల విషయంలో ఈ ఉజ్జాయింపునే కచ్చితమైన లెక్కగా మార్చవచ్చు. మధ్య సంఖ్యను మ అనుకుంటే మూడింటి లబ్ధం (మ + 1) × మ × (మ − 1), అంటే మ ఘనంలో నుంచి మ తీసివేసినంత. 49 ఘనం 117649. అందులో 49 పోతే 117600. 6తో భాగిస్తే 19600. కొట్టివేతతో సంబంధం లేని దారిలో వచ్చినా అదే జవాబు వచ్చింది కాబట్టి ఇక సందేహం అక్కరలేదు.

కాలిక్యులేటర్‌తో 50! కట్టి భాగిస్తే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. ఎనిమిదంకెల మామూలు కాలిక్యులేటర్‌లో 11! దాకానే పడుతుంది, 12!కు తొమ్మిది అంకెలు కావాలి. సైంటిఫిక్ కాలిక్యులేటర్ 50! చూపిస్తుంది గానీ 65 అంకెల్లో మొదటి కొన్నింటినే చూపిస్తుంది. వాటిని కాగితం మీదికి ఎక్కించేటప్పుడు 50!ను 3.04 × 10⁶⁴, 47!ను 2.59 × 10⁵⁹ అని కుదించుకుంటే, భాగహారం తర్వాత 19562 వస్తుంది. 38 తేడా. లెక్క సరిగానే చేశారు, అంకెలు కోసేసినచోట జవాబు చెడింది. 50 × 49 × 48 / 6 అని ఆ కాలిక్యులేటర్‌లోనే నొక్కితే ఒక్క అంకె కూడా పోదు.

చివరిగా, ఎంత దూరం కొట్టివేయవచ్చని అడిగారు. హారంలో 1 మిగిలేదాకా. అయితే కింది సంఖ్య పెరిగేకొద్దీ ఈ పద్ధతి ఇచ్చే సుఖం తగ్గుతూ వస్తుంది. ⁵⁰C₂₅ విలువ 126410606437752. హారం పూర్తిగా పోయాక కూడా పదిహేను అంకెల జవాబును గుణించి రాయక తప్పదు. అలాంటివాటిలో పైన 25, కింద 25 సంఖ్యలు పెట్టుకుని జంటలు వెతికే బదులు, ప్రధాన సంఖ్యలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టడం మేలు. ఉదాహరణకు 50!లో 2 ఎన్నిసార్లు ఉందో తెలుసుకోవాలంటే 50ని 2తో పదేపదే భాగించి శేషాలు వదిలేయండి: 25, 12, 6, 3, 1. మొత్తం 47. అలాగే 25!లో 12, 6, 3, 1, మొత్తం 22. హారంలో 25! రెండుసార్లు ఉంది కాబట్టి 44 పోతాయి, 2 మూడుసార్లు మిగులుతుంది. 5కు చూస్తే పైన 10, 2 కలిపి 12. కింద ఒక్కోదానిలో 5, 1 కలిపి 6 చొప్పున మొత్తం 12. ఏమీ మిగలదు. అందుకే ఆ పెద్ద సంఖ్య 8తో భాగింపబడుతుంది, 5తో భాగింపబడదు. మిగతా ప్రధాన సంఖ్యలకూ ఇలాగే చేసి, మిగిలినవాటిని గుణించుకుంటే సరి. మీ లెక్కలో కింద 3 ఉన్నంతవరకు ఇంత దూరం పోనక్కరలేదు. 48ని 6తో భాగించి 8 రాసుకోండి చాలు.